కారిడార్‌లో పెద్ద మేనేజర్ ఎదురయ్యారా? ఆ ఒక్క సెకనులో ఏం చేయాలంటే..

లిఫ్ట్ దిగి మలుపు తిరగ్గానే ఎదురుగా మీ మేనేజర్‌కి మేనేజర్. మీరెవరో ఆయనకు తెలుసో లేదో తెలీదు. కారిడార్‌లో ఇంకెవరూ లేరు. ఇలాంటప్పుడు చాలామంది చేసే పని.. జేబులోంచి ఫోన్ తీసి చూడటం. తప్పించుకుంటున్నారని అవతలి వాళ్లకు ఇట్టే తెలిసిపోతుంది. మరి ఏం చేయాలి?

హోటల్ సిబ్బందికి నేర్పే '10-5 రూల్' ఇక్కడ పనికొస్తుంది. అతిథి 10 అడుగుల దూరంలోకి రాగానే కళ్లలోకి చూసి నవ్వాలి. 5 అడుగుల్లోకి వచ్చాక పలకరించాలి. మరీ దూరం నుంచే నవ్వితే, దగ్గరికొచ్చే దాకా ఆ నవ్వును మొహం మీద మోయాల్సి వస్తుంది. ఇబ్బంది మొదలయ్యేది అక్కడే.

అయితే కారిడార్‌లో చిన్న తేడా ఉంది. ఇక్కడ ఇద్దరూ నడుస్తుంటారు. మామూలు నడకలో మనిషి సెకనుకు సుమారు నాలుగున్నర అడుగులు ముందుకెళ్తాడు. ఎదురెదురుగా వస్తే సెకనుకు 9 అడుగుల దూరం తగ్గిపోతుంది. అంటే 10 అడుగుల దగ్గర చూపు కలిస్తే మిగిలేది ఒక్క సెకనే! అందుకే ఓ 15 అడుగుల దగ్గరే చూపు కలిపి, 10 అడుగులకు రాగానే 'గుడ్ మార్నింగ్ సార్' అనేయండి. ఆగక్కర్లేదు, నడక కాస్త నెమ్మదిస్తే చాలు. ఆయన చెవిలో ఇయర్‌బడ్స్ ఉంటే కాల్‌లో ఉండొచ్చు. అప్పుడు తల ఊపితే సరిపోతుంది.

సార్ అనాలా, పేరు పెట్టి పిలవాలా? మీ టీమ్‌లో సీనియర్లు ఎలా పిలుస్తారో అలాగే పిలవండి. డౌట్ ఉంటే ఉత్త 'గుడ్ మార్నింగ్' చాలు.

ఆయనే ఆగి 'ఎలా నడుస్తోంది?' అంటే? మీ పేరు చెప్పి, 'పేరోల్ టీమ్ సార్. ఈ వారం కొత్త అటెండెన్స్ సిస్టమ్‌కి మారుతున్నాం' అనండి. పేరు, టీమ్, ప్రస్తుతం చేస్తున్న పని.. అంతే. మాట పొడిగించాలా వద్దా అన్నది ఆయనకే వదిలేయండి. ఆగిపోయిన లీవ్, హైక్ గురించి అక్కడ ఎత్తితే మాత్రం, మీ మేనేజర్‌ని దాటి వెళ్లినట్టే అవుతుంది.

క్యాంటీన్‌లో లెక్క వేరు. చేతిలో ప్లేట్ ఉన్నవాళ్లకు షేక్‌హ్యాండ్ ఇవ్వబోతే వాళ్లకే ఇబ్బంది. నోట్లో ముద్ద ఉంటే నవ్వి ముందుకెళ్లిపోండి. క్యూలో మీ వెనకే నిలబడితే 'మీరు ముందు వెళ్లండి సార్' అని ఒక్కసారి అనొచ్చు. వద్దంటే వదిలేయండి, బలవంతం చేస్తే లైన్‌లో అందరూ చూస్తారు. 'ఈరోజు పెసరట్టు లైన్ పెద్దదే సార్' లాంటి మాట ఆ రెండు నిమిషాలకు సరిపోతుంది.

అదే రోజు మళ్లీ ఎదురుపడితే? ఇంకోసారి గుడ్ మార్నింగ్ అక్కర్లేదు. చిన్న నవ్వు చాలు.