గొంతులో బూడిద రంగు పొర: బూస్టర్ అందని పిల్లల దగ్గరికే వస్తున్న కంఠసర్పి

హైదరాబాద్ నల్లకుంట ఫీవర్ ఆస్పత్రిలో ఏళ్ల తరబడి పనిచేసిన నర్సులకు డిఫ్తీరియా కొత్త జబ్బు కాదు. మన పెద్దలు దీన్ని కంఠసర్పి అనేవారు. దీనికి టీకా వచ్చి దాదాపు వందేళ్లు. మన దేశంలో ప్రభుత్వమే పిల్లలందరికీ ఉచితంగా వేసే టీకాల్లో ఇదొకటి. అయినా 2018లో ఒక్క భారతదేశంలోనే ఎనిమిది వేలకు పైగా కేసులు నమోదయ్యాయి. ఆ ఏడాది ప్రపంచం మొత్తమ్మీద నమోదైన కేసుల్లో ఇది దాదాపు సగం. టీకా ఉండగా జబ్బు ఎందుకు ఉంది? ఎవరి పిల్లల గొంతుల్లో ఉంది? ఈ రెండు ప్రశ్నలకూ జవాబు ఒక్కచోటే దొరుకుతుంది. అది టీకాల కార్డులో ఖాళీగా మిగిలిపోయిన రెండు మూడు గడులు.

ఆ పొర ఎక్కడిది?

ఈ జబ్బు తెచ్చే బ్యాక్టీరియా గొంతులోనే ఉండిపోతుంది, ఒళ్లంతా పాకదు. ఒంట్లోకి పాకేది అది తయారుచేసే విషం. ఆ విషం ఏ కణంలోకి వెళితే ఆ కణం ప్రోటీన్ తయారుచేసుకోలేక చచ్చిపోతుంది. ముందు చచ్చేవి గొంతు లోపలి కణాలు. చచ్చిన కణాలు, గడ్డకట్టిన రక్తపు పీచు, తెల్లరక్తకణాలు, బ్యాక్టీరియా అన్నీ కలిసి దళసరి పొరలాగా పేరుకుంటాయి. మొదట తెల్లగా ఉండి, రోజు రోజుకీ బూడిద రంగుకు తిరుగుతుంది. నెత్తురు చేరితే నల్లబడుతుంది కూడా.

మామూలు టాన్సిల్స్ వాపులో కూడా తెల్లటి చీము చుక్కలు కనిపిస్తాయి. తేడా తెలుసుకోవడం ముఖ్యం. చీము చుక్కలు టాన్సిల్స్ మీదే ఉంటాయి, దూదితో తుడిస్తే వచ్చేస్తాయి. కంఠసర్పి పొర టాన్సిల్స్ దాటి కొండనాలుక మీదికి, అంగిలి మీదికి పాకుతుంది. కింది కండకు అతుక్కుని ఉంటుంది. లాగితే నెత్తురు వస్తుంది. అందుకే ఇంట్లోగానీ ఆర్‌ఎంపీ దగ్గరగానీ దాన్ని గీకి చూడకూడదు. ఊడిన ముక్క ఊపిరిగొట్టానికి అడ్డం పడే ప్రమాదం ఉంది.

మోసం చేసేది జ్వరం. ఈ జబ్బులో జ్వరం పెద్దగా ఉండదు, వందా నూటొకటి దగ్గరే ఆగుతుంది. ఒళ్లు కాలిపోవడం లేదు కదా అని ఇంట్లో వాళ్లు ధైర్యంగా ఉంటారు. కానీ పిల్ల మాత్రం జ్వరానికి మించి నీరసంగా, పాలిపోయి ఉంటుంది. జబ్బు ముదిరితే మెడ రెండు వైపులా ఉబ్బి దవడ గీత కనిపించకుండా పోతుంది. డాక్టర్లు దీన్ని ఎద్దు మెడ అంటారు. ఊళ్లో చాలామంది గవదబిళ్లలు అనుకుని పట్టీలు వేస్తారు. గవదబిళ్లల్లో గొంతులో పొర ఉండదు. మెడ వాచిన పిల్లను వెలుతురులో కూచోబెట్టి నోరు తెరిపించి చూస్తే ఆ తేడా కనిపిస్తుంది.

మూడో రోజు, నాలుగో రోజు

గొంతులో పుట్టిన విషం నెత్తురులో కలిసి గుండెకూ నరాలకూ చేరుతుంది. ఊపిరాడక చనిపోయే పిల్లలు కొందరైతే, గొంతు నయమవుతోంది అనుకుంటున్న ఒకటి రెండు వారాల్లో గుండె దెబ్బతిని చనిపోయే పిల్లలు మరికొందరు. కొందరికి అంగిలి కండరాలు పడిపోయి, తాగిన నీళ్లు ముక్కులోంచి వస్తాయి, మాట ముక్కుతో మాట్లాడినట్టు మారుతుంది. వైద్యం అందినా ఈ జబ్బు వచ్చిన ప్రతి వందమందిలో ఐదు నుంచి పదిమంది వరకు చనిపోతారు.

వైద్యంలో అసలు మందు యాంటీటాక్సిన్ అనే సీరం. గుర్రాలకు ఈ విషాన్ని కొద్దికొద్దిగా ఎక్కించి, వాటి నెత్తురులో పుట్టిన విరుగుడును తీసి తయారుచేస్తారు. దీనికి ఒక పెద్ద పరిమితి ఉంది. నెత్తురులో ఇంకా తిరుగుతున్న విషాన్నే అది పట్టుకోగలదు. కణంలోకి వెళ్లిపోయిన విషాన్ని ఏ మందూ బయటికి లాగలేదు. కాబట్టి ఆలస్యమైన ప్రతి రోజూ లెక్కలోకి వస్తుంది. గొంతు జబ్బు మొదలైన రెండు రోజుల్లోపు ఇస్తే 20,000 నుంచి 40,000 యూనిట్లు సరిపోతాయి. మూడు రోజులు దాటి మెడ వాచాక 80,000 నుంచి లక్ష యూనిట్లు ఇవ్వాల్సి వస్తుంది, అప్పటికీ హామీ ఉండదు. చిన్నపిల్లలకైనా పెద్దలకైనా మోతాదు ఒకటే, ఎందుకంటే దాన్ని నిర్ణయించేది ఒంటి బరువు కాదు, విషం మోతాదు. గొంతు నమూనా పరీక్షకు పంపుతారు, కానీ ఫలితం వచ్చేదాకా ఆగకూడదు. పొర చూసి అనుమానం రాగానే, అలర్జీ పరీక్ష చేసి సీరం ఇవ్వాలి. పెన్సిలిన్ లేదా ఎరిత్రోమైసిన్ పద్నాలుగు రోజులు వాడేది బ్యాక్టీరియాను చంపడానికి. అప్పటికే పుట్టిన విషాన్ని అవి ఏమీ చేయలేవు.

మరి ఆ సీరం ఎక్కడ ఉంది? 2018 సెప్టెంబరులో ఢిల్లీలోని ఒక మునిసిపల్ ఆస్పత్రిలో కొద్ది రోజుల్లోనే డజనుకు పైగా పిల్లలు ఈ జబ్బుతో చనిపోయినప్పుడు, ఆ ఆస్పత్రిలో యాంటీటాక్సిన్ నిల్వ లేదన్న సంగతి బయటపడింది. కేసులు తక్కువగా ఉన్న మందును తయారుచేయడానికి ఎవరికీ లాభం ఉండదు. కేసులు ఎవరికి వస్తున్నాయో వాళ్లకు కొనే శక్తి ఉండదు. ఆస్పత్రిలో దొరికే సీరం మీద పిల్లల ప్రాణాలు పెట్టడం కంటే, ఆ స్థితి రాకుండా చూడటమే నికరమైన మార్గం. బూస్టర్ల సంగతి ఇక్కడే వస్తుంది.

బూస్టర్ ఎందుకు?

కంఠసర్పి టీకా బ్యాక్టీరియాతో తయారైంది కాదు. ఆ విషాన్నే తీసుకుని, ఫార్మలిన్‌తో హాని చేయకుండా మార్చి ఇస్తారు. దాన్ని టాక్సాయిడ్ అంటారు. ఒంట్లో పుట్టే రక్షణ కూడా విషానికి వ్యతిరేకంగానే. అందువల్ల టీకా వేసుకున్న పిల్ల గొంతులో బ్యాక్టీరియా చేరి, జబ్బు లేకుండా ఉండవచ్చు, పక్కన టీకా లేని పిల్లకు అంటించవచ్చు. ఊరంతా టీకాలు వేసుకుంది కదా, మన ఒక్క వాడ మిగిలినా ఏమీ కాదులే అనుకోవడానికి ఈ జబ్బులో వీల్లేదు. టీకా అందని వాడే దెబ్బతింటుంది.

రెండో సంగతి, ఈ రక్షణ ఏళ్లు గడిచేకొద్దీ తగ్గుతుంది. అందుకే మన షెడ్యూల్ ఇలా ఉంది: ఆరు, పది, పద్నాలుగు వారాలకు పెంటావాలెంట్ మూడు డోసులు. పదహారు నుంచి ఇరవై నాలుగు నెలల మధ్య డీపీటీ మొదటి బూస్టర్. ఐదు నుంచి ఆరేళ్ల మధ్య రెండో బూస్టర్. పదేళ్లకు, పదహారేళ్లకు టీడీ. గర్భిణులకు ధనుర్వాతం సూది అని ఇచ్చేది కూడా ఇప్పుడు టీడీయే, అందులో డి అంటే డిఫ్తీరియా. బూస్టర్లు మానితే ఏమవుతుందో 1990లలో పాత సోవియట్ దేశాల్లో కనిపించింది. అక్కడ లక్షా యాభై వేలకు పైగా కేసులు వచ్చాయి, వాటిలో పెద్దవాళ్లే ఎక్కువ.

ఇప్పుడు ఈ షెడ్యూల్ పక్కన పాలమూరు వలస క్యాలెండర్ పెట్టి చూడండి. ఇది ఏ ఒక్క కుటుంబం కథా కాదు, రెండు క్యాలెండర్లను కలిపితే తేలే లెక్క. మాదిగవాడలో ఒక పాప 2016 జూన్‌లో పుట్టింది అనుకుందాం. బాలింత కాబట్టి తల్లి ఆ ఏడాది ఊళ్లోనే ఉంది. జూలై, ఆగస్టు, సెప్టెంబరుల్లో మూడు డోసులూ పడ్డాయి. తొమ్మిదో నెల తట్టు టీకా కూడా పడింది. కార్డు చూసిన ఎవరైనా టీకాలన్నీ అయ్యాయి అంటారు. మొదటి బూస్టర్ గడువు 2017 అక్టోబరు నుంచి 2018 జూన్ దాకా. దసరా అయ్యాక తల్లిదండ్రులు పాపను ఎత్తుకుని పుణె పనికి వెళ్లి మే నెలలో తిరిగి వచ్చారు. అక్కడి ఏఎన్ఎం జాబితాలో పాప పేరు లేదు. ఇక్కడి జాబితాలో పేరు ఉంది, పాప లేదు. రెండో బూస్టర్ గడువు 2021 జూన్ నుంచి 2022 జూన్. కొవిడ్ తర్వాత అప్పు తీర్చడానికి మళ్లీ వలస. 2024లో ఎనిమిదేళ్ల పాప హాస్టల్లో చేరేసరికి, ఆమె చివరి డోసు పడి ఎనిమిదేళ్లు. ఇరవై మంది పడుకునే గదిలో ఆమెకు ఉన్న రక్షణ దాదాపు లేనట్టే.

ఇక్కడ తల్లి నిర్లక్ష్యం ఎక్కడా లేదు. నెలకో రోజు, ఒకే చోట, పేరున్న ఊళ్లోనే టీకా దొరుకుతుంది అన్న ఏర్పాటులో, భూమి లేక ఊరు విడిచే కుటుంబానికి చోటు లేదు. అంగన్‌వాడీ ఊరి నడిమధ్య ఉండి, వాడ ఊరి చివర ఉంటే, వలస వెళ్లని వాళ్లకు కూడా ఆ దూరం మామూలు దూరం కాదు.

ఏమి అడగాలి?

తప్పిన బూస్టర్ తప్పిపోయినట్టే కాదు. ఏడేళ్లలోపు పిల్లలకు డీపీటీ వేయవచ్చు. ఏడు దాటితే డీపీటీ కాదు, టీడీ వేయాలి. మొదటి నుంచీ మళ్లీ మొదలుపెట్టాల్సిన పని లేదు, ఎక్కడ ఆగిందో అక్కడినుంచే కొనసాగిస్తారు. కార్డు పోతే కూడా టీకా నిరాకరించకూడదు. వేసిన డోసు ఇంకోసారి పడితే చేయి కాస్త ఎక్కువ వాచవచ్చు, అంతకు మించి భయం లేదు.

సాంఘిక సంక్షేమ హాస్టళ్లలో, గురుకులాల్లో పనిచేసే విద్యార్థి సంఘాలు ఒక చిన్న పని చేయవచ్చు. ఐదో తరగతిలో, పదో తరగతిలో ఎంతమంది పిల్లలున్నారు, వాళ్లలో ఎంతమందికి టీడీ పడింది, ఈ రెండు అంకెలను వార్డెన్‌నీ పీహెచ్‌సీనీ సమాచార హక్కు కింద అడగండి. ఇటుక బట్టీలు, కట్టడాల దగ్గర ఏఎన్ఎం చివరిసారి ఏ తేదీన వచ్చారో అడగండి. జిల్లా ఆస్పత్రిలో యాంటీటాక్సిన్ ఎన్ని వయల్స్ ఉన్నాయి, వాటి గడువు ఎప్పుడు అని అడగండి.

ఒక కేసు బయటపడితే ఆ పిల్లతోనే పని అయిపోదు. ఇంట్లో వాళ్లు, ఒకే గదిలో పడుకున్నవాళ్లు, పక్క బెంచీ పిల్లలు అందరికీ గొంతు నమూనా తీసి, యాంటీబయాటిక్ ఇచ్చి, తప్పిన డోసు వేయాలి. కోలుకున్న పిల్లకు కూడా టీకా వేయాలి, ఎందుకంటే ఈ జబ్బు ఒకసారి వచ్చినంత మాత్రాన మళ్లీ రాదన్న హామీ లేదు. ఈ పనులు చేయకుండా హాస్టల్‌కు నాలుగు రోజులు సెలవిచ్చి పిల్లలను ఇళ్లకు పంపితే, జబ్బును వాడవాడకూ పంచినట్టే అవుతుంది. సెలవు ప్రకటించిన రోజున గేటు దగ్గర నిలబడి అడగాల్సిన మొదటి మాట అదే: పంపే ముందు ఎవరి గొంతైనా చూశారా?