ఆఫీసు ఖాళీ చేయాలంటే ఏ తేదీ చూడాలి?

హైదరాబాద్ మాదాపూర్‌లో ఒక కంపెనీ పది వేల చదరపు అడుగుల ఆఫీసును తొమ్మిదేళ్ల లీజుకు తీసుకుందనుకుందాం. చదరపు అడుగుకు 70 రూపాయల లెక్కన నెల అద్దె 7 లక్షలు. అద్దె ఎప్పుడు ఎంత పెరుగుతుంది, లాక్-ఇన్ ఎప్పుడు తీరుతుంది, ఖాళీ చేయాలంటే నోటీసు ఎప్పుడివ్వాలి అని యాజమాన్యం ఫెసిలిటీస్ మేనేజర్‌ను అడిగింది. దస్తావేజు తిరగేస్తే మూడేళ్లకోసారి 15 శాతం పెంపు, 36 నెలల లాక్-ఇన్, ఆరు నెలల నోటీసు అని కనిపిస్తాయి. చిక్కంతా ఆ నెలలను ఏ రోజు నుంచి లెక్కపెట్టాలన్న దగ్గరే.

మన లీజుల్లో మొదలు ఒక్కటి కాదు. సంతకాల రోజు ఒకటి, తాళాలు చేతికిచ్చిన రోజు ఇంకొకటి. లోపల పనులు చేయించుకోవడానికి రెండు మూడు నెలలు అద్దె మినహాయింపు ఉంటుంది కాబట్టి అద్దె మొదలయ్యే రోజు మరొకటి. పైగా ఈ తేదీలు తరచూ దస్తావేజులో అంకెలుగా ఉండవు. ‘హ్యాండోవర్ లేఖలో పేర్కొన్న తేదీ’ అని ఉంటుంది. ఆ లేఖ ఫైల్లో లేకపోతే లెక్క ముందుకు సాగదు.

మన ఉదాహరణలో లీజు, హ్యాండోవర్ 2024 ఏప్రిల్ 1న మొదలయ్యాయి. అద్దె జులై 1 నుంచి. అద్దె పెంపు నిబంధన లీజు మొదలైన రోజు నుంచి లెక్కపెట్టమంటుంది. లాక్-ఇన్ నిబంధన మాత్రం అద్దె మొదలైన రోజు నుంచి. అంటే 2027 ఏప్రిల్ 1నే అద్దె 8.05 లక్షలకు చేరుతుంది, లాక్-ఇన్ జూన్ 30 దాకా తీరదు. లాక్-ఇన్ తీరగానే వెళ్లిపోదామనుకున్నవాళ్లు కూడా పెరిగిన అద్దె మూడు నెలలు కట్టాల్సిందే.

పెంపు దేని మీదన్నది కూడా చూడాలి. చివరగా కట్టిన అద్దె మీద 15 శాతమైతే ఏడో ఏట నెలకు 9,25,750 రూపాయలు. మొదటి అద్దె మీదైతే 9,10,000. తేడా నెలకు 15,750 రూపాయలే అనిపిస్తుంది గానీ మూడేళ్లకు 5.67 లక్షలవుతుంది.

అసలు దెబ్బ నోటీసు దగ్గర తగులుతుంది. లాక్-ఇన్ నడుస్తుండగానే నోటీసు ఇవ్వొచ్చని ఉంటే, 2026 డిసెంబరు ఆఖరుకల్లా ఇచ్చి 2027 జూన్ 30న ఖాళీ చేయొచ్చు. ‘లాక్-ఇన్ ముగిసిన తర్వాత ఆరు నెలల నోటీసుతో’ అని ఉంటే, యజమాని దాన్ని జులై 1 తర్వాతే నోటీసు ఇవ్వాలని చదువుతాడు. అప్పుడు డిసెంబరు 31 దాకా కదలడానికి లేదు. ఆ ఆరు నెలల అద్దె 48.30 లక్షలు, మెయింటెనెన్స్, జీఎస్టీ అదనం. ఇలాంటి వాక్యాన్ని మేనేజర్ తన మాటల్లో కుదించకుండా క్లాజు నంబరుతో సహా ఉన్నదున్నట్టు ఎత్తి రాసుకుని, లాయర్ అభిప్రాయం తీసుకోవాలి.

లాక్-ఇన్ మధ్యలో వెళ్లిపోతే మిగిలిన నెలల అద్దె మొత్తం కట్టాలని చాలా దస్తావేజుల్లో ఉంటుంది. గొడవ కోర్టుకెక్కితే 1872 నాటి కాంట్రాక్టు చట్టం 74వ సెక్షన్ కింద న్యాయమైన పరిహారం ఎంతన్న వాదన నడుస్తుంది. అయినా బడ్జెట్‌లో దస్తావేజు చెప్పిన పూర్తి మొత్తాన్నే చూపడం క్షేమం. అనుకోని విపత్తు వస్తే అద్దె ఆగుతుందిలే అన్న ధీమా కూడా పనికిరాదు. 2020 లాక్‌డౌన్‌లో ఢిల్లీ ఖాన్ మార్కెట్‌లోని ఒక చెప్పుల దుకాణం అద్దె నిలిపివేతకు అనుమతి కోరితే ఢిల్లీ హైకోర్టు ఒప్పుకోలేదు. ఒప్పందం ఉన్నచోట దాని నిబంధనలే వర్తిస్తాయని చెప్పింది.

ఏ కాగితం చదువుతున్నామన్నదీ ముఖ్యమే. బేరం కుదిరినప్పుడు రాసుకున్న ప్రాథమిక లేఖలోని అంకెలు తుది దస్తావేజులో మారి ఉండొచ్చు. ఏడాది దాటిన లీజుకు 1908 నాటి చట్టం ప్రకారం రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాబట్టి రిజిస్టరైన ప్రతినే ముందు పెట్టుకోవాలి. తర్వాత చేసుకున్న సవరణ ఒప్పందాలు ఏ క్లాజును మార్చాయో దాని పక్కన రాసుకోవాలి.

ఇక ఖాళీ చేసే రోజు. డిపాజిట్ తాళాలు ఇచ్చిన రోజే తిరిగివ్వాలా, తనిఖీ అయ్యాకనా? గోడలు, ఫాల్స్ సీలింగ్ తొలగించి మొదట్లో ఉన్నట్టే అప్పగించాలా? అలా అయితే కూల్చివేతకు పట్టే వారాలను నోటీసు గడువులోంచే తీయాలి. గడువు దాటి ఉంటే రోజుకు రెట్టింపు అద్దె అని రాసిన లీజులు ఉన్నాయి. కాబట్టి మన ఉదాహరణలో కూల్చివేత కాంట్రాక్టరుతో మాట్లాడుకోవాల్సింది జూన్‌లో కాదు, ఏప్రిల్‌లోనే.