అడ్రస్ అడిగిన కేక ఎక్కడ ఆగిపోయింది?

కొత్త ల్యాబ్ సిద్ధమైంది. కేబుళ్లు బిగించారు, స్విచ్ మీద లైట్లన్నీ పచ్చగా వెలుగుతున్నాయి. కానీ ఏ కంప్యూటర్ తెరిచి చూసినా ఇంటర్నెట్ లేదు. ఐపీ అడ్రస్ చూస్తే 169.254తో మొదలవుతోంది. పక్క బిల్డింగ్‌లోని ఆఫీసు కంప్యూటర్లు మాత్రం ఎప్పటిలాగే పనిచేస్తున్నాయి. రెండింటికీ అడ్రసులు ఇవ్వాల్సిన సర్వర్ ఒక్కటే. కాలేజీల్లో, ఆసుపత్రుల్లో, ఫ్యాక్టరీల్లో నెట్‌వర్క్ చూసుకునేవాళ్లకు ఈ అవస్థ బాగా తెలుసు.

169.254 అన్న అంకెలను చూసి కంగారు పడనక్కర్లేదు. అవి ఒక సమాచారం ఇస్తున్నాయి. అడ్రస్ కావాలని కంప్యూటర్ అడిగింది, జవాబు రాలేదు, ఇక చేసేది లేక అలాంటి సందర్భాల కోసమే కేటాయించిన అంకెల్లోంచి ఒకటి తనకు తానే పెట్టుకుంది. అంటే కంప్యూటర్ చెడిపోలేదు. అడిగిన మాట సర్వర్‌కు చేరలేదు, లేదా సర్వర్ చెప్పిన మాట వెనక్కి రాలేదు. ఈ రెండింటిలో ఏది జరిగిందో తేలితే సగం పని అయినట్టే.

అడ్రసులు పంచే పద్ధతిని డీహెచ్‌సీపీ అంటారు. కొత్తగా వచ్చిన కంప్యూటర్‌కు తన అడ్రస్ తెలియదు, సర్వర్ ఎక్కడుందో కూడా తెలియదు. అందుకని అది తన నెట్‌వర్క్‌లో ఉన్నవాళ్లందరికీ వినిపించేలా ఒక కేక వేస్తుంది. ఆ ప్యాకెట్ మీద పంపినవాళ్ల అడ్రస్ 0.0.0.0 అని, అందుకోవాల్సినవాళ్ల అడ్రస్ 255.255.255.255 అని ఉంటుంది. ఊళ్లో వేసే టముకు ఊరి పొలిమేర దాకానే వినిపించినట్టు, ఈ కేక కూడా ఒక వీలాన్ లోపలే ఆగిపోతుంది. వీలాన్ అంటే ఒకే స్విచ్ మీద ఉన్నా విడిగా ఉండేలా గీసిన సరిహద్దు. అందరికీ అని వేసిన కేకను రౌటర్ ఆ సరిహద్దు దాటించదు. దాటిస్తే ప్రతి వీలాన్ కేకలూ మిగతా అన్నిటినీ ముంచెత్తుతాయి. వీలాన్లు పెట్టుకున్న ప్రయోజనమే ఉండదు.

మరి సర్వర్ వేరే వీలాన్‌లో ఉంటే ఎలా? ప్రతి వీలాన్‌కూ ఒక సర్వర్ పెట్టలేరు. దీనికి దారి డీహెచ్‌సీపీ కంటే ముందే దొరికింది. 1985లో వచ్చిన బూట్‌పీ అనే పాత పద్ధతిలోనే, కేకను అందుకుని సర్వర్‌కు చేరవేసే మధ్యవర్తి కోసం ప్యాకెట్‌లో ఒక గడి కేటాయించారు. డీహెచ్‌సీపీ ఆ గడిని అలాగే వాడుకుంది. ఇప్పటికీ అమల్లో ఉన్న దాని ప్రమాణ పత్రం 1997 మార్చిలో వెలువడింది. ఆ మధ్యవర్తినే రిలే ఏజెంట్ అంటారు. మామూలుగా ఆ వీలాన్‌కు గేట్‌వేగా ఉండే స్విచ్చో రౌటరో ఈ పని చేస్తుంది.

రిలే చేసే పని చిన్నదే. వీలాన్‌లో వినిపించిన కేకను అందుకుంటుంది. `giaddr` అనే ఆ గడిలో, కేక వినిపించిన వైపు ఉన్న తన అడ్రస్ రాస్తుంది. తర్వాత దాన్ని నేరుగా సర్వర్ పేరిట పంపిస్తుంది. కథంతా ఈ గడి చుట్టూనే తిరుగుతుంది. ప్యాకెట్ ఏ వీలాన్ నుంచి వచ్చిందో సర్వర్ దీన్ని చూసే గుర్తిస్తుంది, ఏ వరసలోంచి అడ్రస్ ఇవ్వాలో దీన్నిబట్టే తేల్చుకుంటుంది. జవాబు పంపేది కూడా ఈ అడ్రస్‌కే.

ఇప్పుడు ఒక కాలేజీని ఊహించుకుందాం. ఆఫీసు, సర్వర్ రెండూ ఒకే వీలాన్‌లో ఉన్నాయి. సర్వర్ అడ్రస్ 10.20.10.5. కొత్త ల్యాబ్‌కు వీలాన్ 30 ఇచ్చారు, దాని గేట్‌వే 10.20.30.1. ఆఫీసు వీలాన్‌కూ ప్రధాన స్విచ్‌కూ మధ్య ఒక ఫైర్‌వాల్ ఉంది. ఆఫీసు కంప్యూటర్ల కేక సర్వర్‌కు నేరుగా వినిపిస్తుంది కాబట్టి వాటికి రిలే అవసరం లేదు. అవి బాగున్నాయంటే సర్వర్ బతికే ఉందని అర్థం, అంతకుమించి ఏమీ కాదు. ల్యాబ్ దారి గురించి అవి ఏమీ చెప్పలేవు.

మొదట చేయాల్సింది సెట్టింగులు మార్చడం కాదు. ల్యాబ్‌లో ఒక కంప్యూటర్‌కు 10.20.30.50 అని చేత్తో అడ్రస్ ఇచ్చి, గేట్‌వేను పింగ్ చేయాలి. తర్వాత సర్వర్‌ను పింగ్ చేయాలి. గేట్‌వే కూడా పలకకపోతే అది రిలే సంగతి కాదు. ఆ పోర్టు వేరే వీలాన్‌లో ఉండొచ్చు, లేదా స్విచ్చుల మధ్య ఉన్న ట్రంక్ లింకులో వీలాన్ 30ని అనుమతించి ఉండకపోవచ్చు. మన ఉదాహరణలో రెండూ పలికాయి. కాబట్టి వీలాన్ సరిగానే ఉంది, రూటింగ్ రెండు వైపులా పనిచేస్తోంది. చెడిందల్లా అడ్రస్ అడిగే దారి ఒక్కటే.

తర్వాత రిలే దగ్గరకు వెళ్లాలి. సిస్కో స్విచ్ అయితే వీలాన్ 30 సెట్టింగులు ఇలా కనిపించాలి:

```
interface Vlan30
 ip address 10.20.30.1 255.255.255.0
 ip helper-address 10.20.10.5
```

ఆఖరి లైన్ లేకపోతే రిలే లేనట్టే. కొత్త వీలాన్ పెట్టినప్పుడు అందరూ మరిచిపోయేది ఈ లైనే. రాసినా, సర్వర్ ఉన్న వైపు రాసేవాళ్లున్నారు. అక్కడ దానివల్ల ఉపయోగం లేదు, కేక వినిపించే వైపే రాయాలి. సర్వర్‌ను మార్చినప్పుడు పాత అడ్రస్ అలాగే ఉండిపోవడం ఇంకో పొరపాటు. `no service dhcp` అని ఎక్కడైనా ఉంటే సిస్కోలో రిలే కూడా ఆగిపోతుంది. ఈ ల్యాబ్‌లో అవేమీ లేవు, లైన్ సరైన చోటే ఉంది.

సెట్టింగ్ ఉన్నంత మాత్రాన ప్యాకెట్ వెళ్తోందని అనుకోకూడదు. చాలామంది ఇక్కడే ఆగిపోయి సర్వర్‌ను రీస్టార్ట్ చేయడం మొదలుపెడతారు. వెళ్తోందా లేదా అన్నది సర్వర్ దగ్గర కూర్చుని కళ్లతో చూడాలి. లైనక్స్ సర్వర్ మీద ఈ ఆదేశం ఇచ్చి, ల్యాబ్ కంప్యూటర్‌లో `ipconfig /renew` కొట్టించాలి:

```
tcpdump -vni eth0 udp port 67
```

ఏమీ రాకపోతే కేక దారిలోనే పోయింది. రిలే పంపలేదు, లేదా మధ్యలో ఎవరో ఆపారు. వస్తే అందులో `Gateway-IP` అనే మాట వెతకాలి. `giaddr` గడిని ఈ పరికరం ఆ పేరుతో చూపిస్తుంది. అక్కడ 10.20.30.1 ఉంటే రిలే తన పని చేసినట్టే. సర్వర్ వైపు వీలాన్ 30 కోసం అడ్రసుల వరస సిద్ధం చేయకపోతే మాత్రం, ప్యాకెట్ వచ్చినా సర్వర్ ఊరుకుంటుంది. ఐఎస్‌సీ వారి పాత డీహెచ్‌సీపీ సర్వర్ లాగ్‌లో ఆ సందర్భంలో `unknown network segment` అని కనిపిస్తుంది. ఆ మాట కనిపిస్తే స్విచ్ జోలికి వెళ్లాల్సిన పనే లేదు.

మన ల్యాబ్ విషయంలో తెర మీద రెండూ కనిపించాయి. కేక వచ్చింది, `Gateway-IP` సరిగా ఉంది, సర్వర్ ఒక అడ్రస్ ఇవ్వజూపుతూ జవాబు కూడా పంపింది. అయినా ల్యాబ్‌లో మళ్లీ 169.254. జవాబు వెనక్కి వచ్చే దారిలో పోయిందన్నమాట. సిస్కో స్విచ్ మీద `debug ip dhcp server packet` పెట్టి చూస్తే ఇది ఖాయమవుతుంది. కేకను సర్వర్‌కు పంపినట్టు `forwarded to` అన్న లైన్ వస్తుంది. జవాబు అందితే `forwarding BOOTREPLY` అన్న లైన్ రావాలి. ఇక్కడ మొదటిది వచ్చింది, రెండోది రాలేదు. సర్వర్‌కూ స్విచ్‌కూ మధ్య ఉన్నది ఫైర్‌వాల్ ఒక్కటే.

ఫైర్‌వాల్ లాగ్‌లో 10.20.10.5 నుంచి 10.20.30.1కు, 67వ పోర్టు నుంచి 67వ పోర్టుకు వెళ్తున్న ప్యాకెట్లను ఆపేసినట్టు ఉంది. నియమాలు రాసిన వ్యక్తి అజ్ఞాని కాదు. డీహెచ్‌సీపీ సర్వర్ 67వ పోర్టు మీద వింటుందని, కంప్యూటర్లు 68వ పోర్టు మీద వింటాయని పుస్తకాల్లో చదివినట్టే, సర్వర్ నుంచి ల్యాబ్ వైపు 68వ పోర్టుకు దారి తెరిచారు. కానీ రిలే మధ్యలో ఉన్నప్పుడు సర్వర్ జవాబు నేరుగా కంప్యూటర్‌కు వెళ్లదు, రిలేకు వెళ్తుంది. రిలే వినేది 67వ పోర్టు మీద. ఆ దారి మూసి ఉంది.

వచ్చిన ప్యాకెట్‌కు జవాబును ఫైర్‌వాల్ తనంతట తానే వెనక్కి రానివ్వాలి కదా అని తెలిసినవాళ్లు అడుగుతారు. మంచి ప్రశ్నే. కొన్ని స్విచ్చులు కేకను చేరవేసేటప్పుడు, పంపినవాళ్ల అడ్రస్‌గా ఫైర్‌వాల్ వైపు ఉన్న తమ అడ్రస్‌ను రాస్తాయి. ఇక్కడ అది 10.20.99.2. సర్వర్ మాత్రం జవాబును గడిలో ఉన్న 10.20.30.1కు పంపుతుంది. ఒక అడ్రస్ నుంచి ప్రశ్న వచ్చి, ఇంకో అడ్రస్‌కు జవాబు పోతుంటే, ఆ రెండూ ఒకే సంభాషణ అని ఫైర్‌వాల్ గుర్తించలేదు. అందుకే ఆపేసింది. సర్వర్ నుంచి 10.20.30.1కు 67వ పోర్టు తెరవగానే ల్యాబ్‌కు అడ్రసులు వచ్చాయి.

68వ పోర్టు నియమం అనవసరమని తీసేయకూడదు. అడ్రస్ ఒకసారి దొరికాక, గడువులో సగం గడవగానే కంప్యూటర్ దాన్ని పొడిగించుకోవడానికి ప్రయత్నిస్తుంది. అప్పటికి దానికి తన అడ్రస్ ఉంది, సర్వర్ అడ్రస్ కూడా తెలుసు. కాబట్టి రిలేతో పని లేకుండా నేరుగా సర్వర్‌నే అడుగుతుంది, జవాబు 68వ పోర్టుకే వస్తుంది. అక్కడ జవాబు రాకపోతే, గడువులో ఎనిమిదింట ఏడు వంతులు గడిచాక మళ్లీ అందరికీ వినిపించేలా కేక వేస్తుంది.

రిలే చెడిన రోజునే ఎవరికీ తెలియకపోవడానికి ఇదే కారణం. అడ్రస్ ఉన్న కంప్యూటర్లు నేరుగా పొడిగించుకుంటూ పనిచేస్తూనే ఉంటాయి. కొత్తగా వచ్చిన ల్యాప్‌టాప్‌కో, సెలవుల్లో కట్టేసి ఉండగా గడువు దాటిపోయిన యంత్రానికో మాత్రమే అడ్రస్ రాదు. "అందరికీ వస్తోంది, నీ ల్యాప్‌టాప్‌లోనే ఏదో ఉంది" అని ఆ విద్యార్థిని పంపించేస్తారు. నిజానికి ఆ ఒక్క ల్యాప్‌టాపే రిలే దారి మొత్తాన్నీ వాడి చూసింది, దాని ఫిర్యాదే నిజం.

వీలాన్లు చూసుకునే వారికి ఒక విన్నపం. అడ్రస్ రావడం లేదని ఎవరైనా చెప్పినప్పుడు సర్వర్ రీస్టార్ట్ బటన్ నొక్కే ముందు, సర్వర్ దగ్గర ప్యాకెట్లు పట్టి చూడండి. కేక వచ్చిందా, గడిలో ఏ అడ్రస్ ఉంది, జవాబు బయటికి వెళ్లిందా అన్నవి రాసుకోండి. ఇంకొకరి సాయం అడగాల్సి వస్తే ఆ కాగితంతోనే అడగండి.