సహోద్యోగి వదిలి వెళ్లిన ఎక్సెల్ ఫైలు

జీతాల ఫైలు చేతికొచ్చింది. తయారు చేసినాయన వేరే బ్రాంచికి బదిలీ అయ్యారు. ఎక్కడా #REF! లేదు, #N/A లేదు. భయపడాల్సింది ఇలాంటి ఫైలు గురించే. తప్పు సూత్రం కూడా చక్కటి అంకెనే చూపిస్తుంది.

2010లో కార్మెన్ రైన్‌హార్ట్, కెన్నెత్ రోగాఫ్ దేశాల అప్పుల మీద రాసిన వ్యాసంలో జరిగింది ఇదే. సగటు తీసే సూత్రం L49 దాకా వెళ్లాల్సింది L44 దగ్గరే ఆగింది. అయిదు దేశాలు లెక్కలోకి రాలేదు. 2013లో థామస్ హెర్న్‌డన్ అనే విద్యార్థి అసలు ఫైలు తెప్పించుకుని చూస్తేనే అది బయటపడింది.

మన ఫైలుకు ముందు ఒక నకలు తీసి, పని దాని మీదే చేయాలి. 2 నుంచి 64వ వరుస దాకా 63 మంది. C కాలమ్‌లో బేసిక్, F లో పీఎఫ్:

```
=ROUND(MIN(C2,15000)*12%,0)
```

F2 నుంచి F64 దాకా సెలెక్ట్ చేసి, F5 నొక్కి, Special లో Constants ఎంచుకోండి. సూత్రం ఉండాల్సిన చోట ఎవరో చేత్తో కొట్టిన అంకెలు మాత్రమే వెలుగుతాయి. F37 లో 1,800 కనిపించింది. ఆ వరుసలో పాత ఉద్యోగి వెళ్లి, 12,000 బేసిక్‌తో కొత్తాయన వచ్చారు. ఆయనకు రావాల్సింది 1,440. అయినా వెంటనే చెరిపేయకండి. అలా కొట్టడానికి కారణం ఉండొచ్చు కాబట్టి, బదిలీ అయినాయనకు ఒక ఫోన్ చేసి అడగండి. ఇక్కడ కారణమేమీ లేదు, మార్చడం మరిచిపోయారంతే.

తర్వాత మొత్తం. F66 లో =SUM(F2:F60) అని ఉంది. మధ్యలో వరుస చేరిస్తే రేంజ్ దానంతటదే పెరుగుతుంది గానీ, చివర అతికించిన వరుసలు బయటే ఉండిపోవచ్చు. దీన్ని కళ్లతో వెతకడం కంటే కదిపి చూడటం మేలు. నకలులో C64 లోని 20,000 తీసి 10,000 పెట్టండి. F64 1,800 నుంచి 1,200కి దిగింది, మొత్తం మాత్రం కదల్లేదు. చివరి నలుగురూ లెక్కలో లేరన్నమాట. చూశాక C64 ని మళ్లీ 20,000 చేయండి.

నలుగురి బేసిక్ కూడా 15,000 పైనే కాబట్టి మొత్తం 7,200 తగ్గింది, F37 వల్ల 360 పెరిగింది. తేడా 6,840గా కనిపిస్తుంది. ఒక తప్పు ఇంకో తప్పును కొంత కప్పేసింది. రేంజ్ సరిచేసి ఆపేస్తే 360 అలాగే ఉండిపోయేది.

అన్ని వరుసల్లో ఒకే తప్పు సూత్రం ఉంటే ఈ పద్ధతులేవీ పట్టుకోలేవు. అందుకే బేసిక్ 15,000 లోపు ఉన్నవారిని ఒకరిని, పైన ఉన్నవారిని ఒకరిని తీసుకుని, పీఎఫ్ నిబంధన పక్కన పెట్టుకుని కాగితం మీద లెక్క కట్టాలి. ఆ పైన మొత్తాన్ని ఈ ఫైలుతో సంబంధం లేని కాగితంతో, అంటే పాత నెల పీఎఫ్ చలానాతో పోల్చి, ఏ గడిలో ఏం మార్చామో కొత్త షీటులో తేదీతో రాసి పెట్టాలి.