బ్రాకెట్ వదిలేస్తే లెక్క ఎంత తప్పుతుంది?

మొన్న నా ఫ్రెండ్ ఒక చిన్న కంపెనీ షేర్లు కొందామని దాని క్యాష్ ఫ్లో స్టేట్‌మెంట్ ఫోటో చూసి, అంకెలు ఎక్సెల్‌లో కొట్టాడు. "డబ్బు బాగా వస్తోందిరా" అన్నాడు. నిజానికి ఆ ఏడాది కంపెనీ దగ్గర డబ్బు తగ్గింది. బ్రాకెట్లు వదిలేశాడు, అంతే.

ఫోటోలో ఇలా ఉంది, అన్నీ లక్షల్లో. వ్యాపారం నుంచి 340, పెట్టుబడుల కింద (525), అప్పుల ద్వారా 120. ఏడాది మొదట్లో చేతిలో 210, చివర్లో 145.

అకౌంట్స్‌లో బ్రాకెట్ అంటే మైనస్. ఇక్కడ (525) అంటే మెషీన్లు లాంటివి కొనడానికి బయటికి పోయిన డబ్బు. కొన్ని అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ల రిపోర్టుల్లో ఇదే 525- అని, మైనస్ వెనకాల వస్తుంది. రెండిటినీ మీరు -525 అనే రాయాలి. 340 - 525 + 120 అంటే -65. 210లోంచి 65 తీస్తే 145. సరిపోయింది కదా.

మరి తప్పు జరిగితే ఎలా తెలుస్తుంది? మావాడు 525ని ప్లస్‌గా కొట్టాడు. చివరికి 1195 వచ్చింది. అసలు 145తో తేడా 1050. దాన్ని సగం చేయండి, 525! గుర్తు తిరగబడితే తేడా ఎప్పుడూ ఆ అంకెకి రెట్టింపు ఉంటుంది. సగం చేసి, ఆ అంకె ఫోటోలో ఎక్కడుందో వెతకండి.

ఇంకో రకం తప్పు ఉంది. 525- అని అలాగే పేస్ట్ చేస్తే ఎక్సెల్ దాన్ని అంకెగా కాక టెక్స్ట్‌గా ఉంచేయొచ్చు. అప్పుడు `SUM` దాన్ని లెక్కలోకే తీసుకోదు. చివరికి 670 వస్తుంది, తేడా సరిగ్గా 525. అంటే ఆ అంకె అసలు కలవలేదన్నమాట. సెల్‌లో ఎడమవైపుకి అతుక్కుని ఉంటే అనుమానించండి. అది B3లో ఉంటే పక్క సెల్‌లో ఇది కొట్టండి:

```
=-SUBSTITUTE(B3,"-","")
```

లాస్ట్‌గా ఒక ట్రిక్కీ పాయింట్. లాభనష్టాల పట్టికలో పన్ను ఖర్చు మామూలుగా బ్రాకెట్ లేకుండానే ఉంటుంది, అయినా దాన్ని తీసేయాలి. అక్కడే బ్రాకెట్ కనిపిస్తే అర్థం తిరగబడుతుంది. పన్నుకి ముందు (400), పన్ను ఖర్చు (60), పన్ను తర్వాత (340) అని ఉందనుకోండి. ఆ 60 కంపెనీకి కలిసొచ్చింది, అందుకే నష్టం తగ్గింది. కానీ "తగ్గింపు: పన్ను (60)" అని రాసి ఉంటే, బ్రాకెట్ అర్థం తీసేయమని మాత్రమే. మీరు -60 రాసి, ఫార్ములాలో మళ్లీ మైనస్ పెడితే అది కలిసిపోతుంది.

ఏది కరెక్టో పేరు చూసి ఊహించకండి. కింద టోటల్ లైన్‌కి ఏది సరిపోతే అదే. సరే ఫ్రెండ్స్, నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం.