ముహూర్తం వేళ చెప్పని ప్యాకేజీ

మూఢం వెళ్లి ముహూర్తాలు మొదలవుతున్నాయంటే, సొంతంగా పనిచేసుకునే ఫొటోగ్రాఫర్ల వాట్సాప్ స్టేటస్‌లు, ఇన్‌స్టాగ్రామ్ పోస్టులు ప్యాకేజీలతో నిండిపోతాయి. సిల్వర్, గోల్డ్, ప్లాటినం అని మూడు పేర్లు, పక్కన మూడు ధరలు. గోల్డ్ తీసుకుంటే కెమెరాలు పట్టుకుని ఎందరొస్తారో, ఎప్పటిదాకా ఉంటారో మాత్రం పెళ్లివారికి తెలియదు.

ఎక్కువ తగాదాలు ‘ఒక రోజు’ అన్న మాట దగ్గరే వస్తాయి. మన పెళ్లిళ్లలో అర్ధరాత్రి దాటాక ముహూర్తం మామూలే. సాయంత్రం ఎదుర్కోలుకు వచ్చిన ఫొటోగ్రాఫర్ తెల్లవారుజామున జీలకర్ర బెల్లం, తలంబ్రాలు తీసి, అప్పగింతలయ్యాక కెమెరా సర్దుకుంటాడు. క్యాలెండర్‌లో అది రెండు రోజులు, పెళ్లివారి లెక్కలో ఒకటే పెళ్లి. అందుకే ధరను రోజుకు కాకుండా కార్యక్రమానికి కట్టడం మేలు. పెళ్లి అంటే ఎదుర్కోలు నుంచి అప్పగింతల దాకా అని పోస్టులోనే రాయాలి. పెళ్లికూతుర్ని చేయడం, రిసెప్షన్, వ్రతం వేర్వేరు కార్యక్రమాలు.

ఉదాహరణకు పెళ్లి, రిసెప్షన్ కలిపి 75,000 రూపాయల మధ్య ప్యాకేజీని చూద్దాం. క్యాండిడ్ ఫొటోలు తనే తీస్తూ, ట్రెడిషనల్ ఫొటోలకు ఒకరిని 4,000కు, వీడియోకు ఒకరిని 5,000కు పిలిస్తే రెండు కార్యక్రమాలకు 18,000 అవుతుంది. 40 షీట్ల ఆల్బమ్, షీటు 250 చొప్పున 10,000. వీడియో ఎడిటింగ్‌కు 10,000, ప్రయాణానికి, హార్డ్ డిస్కులకు 4,000. మొత్తం 42,000. మిగిలే 33,000లోనే తన కష్టం, కెమెరా అరుగుదల, వారాల తరబడి ఫొటోలు సరిచేసే పని అన్నీ ఇమడాలి. ఈ లెక్క వేసుకున్నవాడు ‘డ్రోన్ ఉచితం’ అని తొందరపడి రాయడు. పైగా శంషాబాద్ లాంటి విమానాశ్రయ పరిసరాల్లో అనుమతి లేకుండా డ్రోన్ ఎగరేయడానికి వీల్లేదు.

కింది ప్యాకేజీలో పెళ్లి ఒక్కటే పెట్టి మనుషుల్ని, షీట్లను తగ్గించవచ్చు. పై దానిలో పెళ్లికూతుర్ని చేయడం, సినిమాటిక్ వీడియో కలపవచ్చు. మెట్టు మారితే ఏం పెరిగిందో కొనేవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టుకోగలగాలి.

ఆల్బమ్ గడువూ ముఖ్యమే. ‘పెళ్లయిన 45 రోజుల్లో’ అని రాస్తే చిక్కే. వేల ఫొటోల్లోంచి రెండు మూడొందలు ఎంచాల్సింది పెళ్లివారు. వాళ్లు నెలలు తాత్సారం చేసినా మాట పడేది ఫొటోగ్రాఫరే. ‘మీరు ఫొటోలు ఎంచి పంపిన 45 రోజుల్లో’ అని రాస్తే ఆ పేచీ ఉండదు. అదనపు షీటు ధర, అడ్వాన్సు, మిగతా వాయిదాలు కూడా అక్కడే ఉండాలి.

పోస్టు చివర చాలామంది ‘ధరకు మెసేజ్ చేయండి’ అంటారు. దాని బదులు పెళ్లి తేదీ, ముహూర్తం వేళ, ఊరు పంపమని అడిగితే మొదటి జవాబులోనే కచ్చితమైన ధర చెప్పవచ్చు.