రేటింగుకు బోనస్ ముడిపడితే

ఏడాది చివర అప్రైజల్‌లో మేనేజర్ ఇచ్చే రేటింగు చాలా కంపెనీల్లో ఒకే ఒక్క అంకె. ఆ అంకెను ఒక పట్టికలో చూసుకుంటే ఉద్యోగికి రావలసిన బోనస్ తేలిపోతుంది. చట్టం ప్రకారం చెల్లించే కనీస బోనస్‌తో దీనికి సంబంధం లేదు. పనితీరును బట్టి ఇచ్చేదీ, సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు వేరియబుల్ పే అని పిలిచేదీ ఇదే. బాగా పనిచేసినవారికి ఎక్కువ ఇవ్వాలన్నది న్యాయమైన ఆలోచనే. అయితే అంకె పక్కన రూపాయలు వచ్చి చేరగానే, ఆ అంకె వేసేవారి ఆలోచన మారిపోతుంది.

ఒక ఉదాహరణ చూడవచ్చు. ఒక ఉద్యోగికి ఏడాదికి అనుకున్న బోనస్ 1,20,000 రూపాయలు. రేటింగు 1 నుంచి 5 వరకు ఉంటుంది. 3 వస్తే పూర్తి మొత్తం, 4 వస్తే దానికి 125 శాతం, 5 వస్తే 150 శాతం దక్కుతుంది. 2 వస్తే సగమే ఇస్తారు, 1 వస్తే ఏమీ ఇవ్వరు. ఆ ఉద్యోగి పని ఈ ఏడాది 2కే తగినట్టుందని మేనేజర్‌కు తెలుసు. అయినా 2 వేస్తే ఆ ఇంటికి 60,000 రూపాయలు తగ్గుతాయి. ఉద్యోగి వచ్చి నిలదీస్తాడు, నెలల తరబడి ముభావంగా ఉంటాడు, రాజీనామా చేసినా చేస్తాడు. అతని స్థానంలో మరొకరిని తెచ్చుకుని పని నేర్పించే భారం మేనేజర్‌దే. 3 వేస్తే ఈ తలనొప్పి ఏదీ ఉండదు, పైగా ఇచ్చే డబ్బు మేనేజర్ జేబులోది కాదు. అందుకే 3 పడుతుంది. ఇందులో చెడ్డతనమేమీ లేదు. ఆ స్థానంలో ఉన్నవారిలో ఎక్కువమంది చేసేది అదే.

ఇలా జరుగుతుందని పరిశోధకులు చాలాకాలం కిందటే గుర్తించారు. 1987లో అమెరికాలో లాంగెనెకర్, సిమ్స్, జోయా అనే ముగ్గురు 60 మంది ఉన్నతాధికారులతో మాట్లాడారు. అవసరాన్ని బట్టి రేటింగును కావాలనే పెంచుతామని, తగ్గిస్తామని వారు దాచకుండా చెప్పారు. పదేళ్ల తర్వాత జవహర్, విలియమ్స్ అప్పటివరకు వచ్చిన అధ్యయనాలన్నిటినీ కలిపి చూశారు. జీతం, ప్రమోషన్ వంటి నిర్ణయాల కోసం ఇచ్చిన రేటింగులు, ఉద్యోగి ఎదుగుదల కోసమో పరిశోధన కోసమో ఇచ్చిన వాటికంటే స్పష్టంగా ఎక్కువగా ఉన్నాయి. వారు కనుగొన్న తేడాను మామూలు మాటల్లో చెప్పాలంటే, వందమందిలో సరిగ్గా మధ్యన నిలవాల్సిన వ్యక్తి దాదాపు 63వ మెట్టు మీద కనిపిస్తాడన్నమాట.

అందరికీ 4లు పడితే బోనస్ బడ్జెట్ చాలదు. అప్పుడు యాజమాన్యం బెల్ కర్వ్ తెస్తుంది. ఇంతమందికే 5, ఇంతమందికి తప్పనిసరిగా కింది గ్రేడు అని ముందే లెక్క గీస్తుంది. కేంద్ర ప్రభుత్వ రంగ సంస్థల అధికారుల విషయంలో ఇది జరిగింది. పది శాతం మందికి అట్టడుగు గ్రేడు ఇవ్వాలని, వారికి పనితీరు ప్రోత్సాహకం చెల్లించకూడదని 2008 నాటి ఉత్తర్వులు చెప్పాయి. హైదరాబాద్‌లోని ఎన్‌ఎండీసీ, భారత్ డైనమిక్స్ వంటి సంస్థలు ఈ నిబంధనల పరిధిలోనివే. 2017 ఉత్తర్వుల్లో ఆ పది శాతం తప్పనిసరి నియమాన్ని తొలగించారు. బాగా పనిచేసే పదిమంది ఒకే విభాగంలో ఉన్నా వారిలో ఒకరు అట్టడుగున ఉండి తీరాలనడం కొలత అనిపించుకోదు.

బెల్ కర్వ్ వచ్చాక మేనేజర్ల తీరు మరోలా మారుతుంది. క్యాలిబ్రేషన్ సమావేశంలో ఎలాగూ ఒక మెట్టు తగ్గిస్తారని తెలిసి ముందే 5 వేసి పంపుతారు. ఉన్న ఒకటి రెండు 5లను వంతులవారీగా పంచుతారు. నిరుడు రానివారికి ఈసారి, బయట ఆఫర్ చేతిలో ఉన్నవారికి ముందుగా ఇస్తారు. కొత్తగా చేరినవారికీ, దీర్ఘకాలం సెలవులో ఉండి వచ్చినవారికీ 3 దాటదు. ఎవరికి ఎంత ఇవ్వాలో ముందు నిర్ణయించుకుని, ఆ మొత్తానికి సరిపోయే అంకెను వెతికి, ఆ అంకెకు తగిన వ్యాఖ్యలు చివర్లో రాస్తారు. వీటన్నిటిలో నష్టం ఎక్కువ కలిగించేది ఇదే. ఎందుకంటే ఏ పని బాగా చేశాడో, ఏది మెరుగుపరచుకోవాలో ఉద్యోగికి నిజం తెలిసే దారి అక్కడితో మూసుకుపోతుంది.

ఒక సంస్థలో ఈ జబ్బు ఉందో లేదో కనిపెట్టడం కష్టం కాదు. బోనస్ ఎక్కడ బాగా పెరుగుతుందో సరిగ్గా ఆ అంకె దగ్గరే రేటింగులు గుంపుగా పోగుపడి ఉంటాయి. పై ఉదాహరణలో అయితే 2లు దాదాపు కనిపించవు. బోనస్ బడ్జెట్ ప్రకటించాక రేటింగులు మారుతుంటాయి. 4 వచ్చినవారి వ్యాఖ్యలనూ 3 వచ్చినవారి వ్యాఖ్యలనూ పేర్లు, అంకెలు తీసేసి పక్కపక్కన పెడితే ఏవి ఎవరివో చెప్పలేం.

రేటింగునూ డబ్బునూ విడదీయాలన్న ఆలోచనకు మూలం జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీలో జరిగిన ఒక అధ్యయనం. మేయర్, కే, ఫ్రెంచ్ దాని ఫలితాలను 1965లో ప్రచురించారు. జీతం సంగతీ లోపాల సంగతీ ఒకే కూర్చోవడంలో మాట్లాడితే ఉద్యోగి నేర్చుకోవడం మానేసి తనను తాను సమర్థించుకోవడంలో పడతాడని, ఒకే మనిషి ఒకేసారి న్యాయమూర్తిగా, గురువుగా ఉండలేడని వారు తేల్చారు. రేటింగు, జీతం ఊసు లేకుండా రాబోయే పని లక్ష్యాల గురించి మాత్రమే మాట్లాడుకునే సమావేశాలను వేరుగా పెట్టినప్పుడు ఫలితం మెరుగ్గా వచ్చింది.

అయితే రెండు సమావేశాల మధ్య నెల విరామం ఇచ్చినంత మాత్రాన సరిపోదు. పట్టిక అలాగే ఉంటే, మార్చిలో వేసే అంకె ఏప్రిల్‌లో డబ్బవుతుందని అందరికీ తెలిసే ఉంటుంది. తెంచవలసింది ఆ పట్టికనే. మైక్రోసాఫ్ట్ 2013లో బెల్ కర్వ్‌నూ రేటింగులనూ రెండింటినీ తీసేసి, తమకు కేటాయించిన బడ్జెట్‌లో ఎవరికి ఎంత ఇవ్వాలో మేనేజర్లనే నిర్ణయించమంది. పై ఉదాహరణలోని మేనేజర్‌కు ఎనిమిదిమందికి కలిపి 9,60,000 రూపాయలు ఇచ్చారనుకుంటే, ఒకరికి 60,000 ఎక్కువ ఇవ్వాలంటే అది మిగతావారి వాటాలోంచే రావాలి. ఉదారంగా ఉండడానికి అయ్యే ఖర్చు ఇప్పుడు కళ్లముందు కనిపిస్తుంది. పనితీరు గురించిన మాటల్లో ఆ ఖర్చును దాచే అవసరం తప్పుతుంది.

ఈ పద్ధతిలో పక్షపాతానికి చోటుంది. కాబట్టి మామూలు మొత్తానికి బాగా ఎక్కువో తక్కువో ఇచ్చిన ప్రతిసారీ కారణాన్ని రాయించాలి. ఆ కారణాలను మరో విభాగం మేనేజరు, హెచ్‌ఆర్ కలిసి చూడాలి. మహిళలకూ పురుషులకూ, సెలవులో ఉన్నవారికీ లేనివారికీ పంపిణీ ఎలా ఉందో ఏటా లెక్క తీయాలి.

వ్యక్తిని వదిలి సమూహానికి బోనస్ ఇవ్వడం ఇంకో మార్గం. సింగరేణి కార్మికులకు ఏటా లాభాల్లో వచ్చే వాటా, రైల్వేలో నాన్‌గెజిటెడ్ ఉద్యోగులకు దసరా ముందు వచ్చే ఉత్పాదకత ఆధారిత బోనస్ ఇటువంటివే. పై అధికారి వేసే అంకె మీద అవి ఆధారపడవు. వేలమంది ఉన్నచోట ఒక్కరి శ్రమకూ ఆ మొత్తానికీ సంబంధం పలచబడుతుందన్నది దీని పరిమితి. ఒకరి పని ఒకరికి కనిపించే చిన్న బృందాల్లో ఆ ఇబ్బంది తక్కువ. అందరికీ ఒకే శాతం ఇచ్చి, అసాధారణంగా రాణించిన కొద్దిమందినీ, స్పష్టంగా విఫలమైనవారినీ మాత్రం ఆధారాలతో ఒక కమిటీ విడిగా పరిశీలించడం మధ్యేమార్గం. మధ్యలో ఉన్నవారి మధ్య 3కూ 4కూ తేడా కొలిచే సాధనం నిజానికి ఎవరి దగ్గరా లేదు కనుక, ఈ మార్గమే ఎక్కువ నిజాయితీ గలది.

రేటింగులు తీసేసిన చోట ఒక విషయాన్ని గమనిస్తూ ఉండాలి. కొందరు మేనేజర్లు పాత అంకెలనే సొంత ఎక్సెల్ షీటులో రాసుకుని, వాటిని బట్టే బోనస్ పంచుతారు. ఉద్యోగి అడిగినా చూపని రేటింగు అది, అప్పీలు చేసుకునే వీలూ ఉండదు. అందుకే పాత రేటింగు పద్ధతిని ఎత్తేసే ముందే, తనకు ఆ మొత్తం ఎందుకు వచ్చిందో అడిగే హక్కు ఉద్యోగికి, రాసిపెట్టిన కారణాన్నే జవాబుగా చూపే బాధ్యత మేనేజర్‌కు నియమంగా పెట్టాలి.